ఏ గ్రంథానికైనా అతికే వాక్యం: యంత్రవచన లక్షణాలపై ఒక పరిశీలన

సిద్ధాంత గ్రంథం ఒకటి పరీక్షకుడి చేతికి వచ్చినప్పుడు, అందులోని వాక్యాలను పరిశోధకుడే రాశాడా, భాషా నమూనా అనే కృత్రిమ మేధ యంత్రం చేత రాయించాడా అన్న సందేహం ఇప్పుడు తెలుగు శాఖల్లోనూ తలెత్తుతున్నది. గ్రంథచౌర్యాన్ని నివారించడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో చేసిన నిబంధనలు సారూప్యతా శాతం మీద ఆధారపడినవి. పది శాతం లోపు సారూప్యానికి శిక్ష లేదు. ఆపైన మూడు అంచెలుగా శిక్షలున్నాయి. యంత్రం కూర్చిన వాక్యం ఏ ఒక్క మూలగ్రంథంలోనూ యథాతథంగా ఉండనవసరం లేదు గనుక సారూప్యతను లెక్కకట్టే సాఫ్ట్‌వేర్‌కు అది దొరకదు. అందుచేత పరీక్షకుడు తన చెవినీ తన పఠనానుభవాన్నీ నమ్ముకోవలసి వస్తున్నది. ‘ఇది యంత్రపు రాతలా ఉంది’ అనే మాట మౌఖిక పరీక్షల్లోనూ సదస్సుల్లోనూ వినిపించడం అందువల్లనే. ఆ మాటకు ఆధారం ఏమిటి, ఆ ఆధారం ఎంతవరకు నిలుస్తుంది అన్నవి ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్నలు.

నా వాదం ఇది. యంత్రవచనానికి గుర్తులుగా చెప్పుకుంటున్న పదాలూ పదబంధాలూ విడివిడిగా దేనినీ రుజువు చేయలేవు. అవన్నీ మన విమర్శ వచనంలో యంత్రానికి ముందునుంచీ ఉన్నవే. రుజువు చేయదగిన లక్షణం ఒక్కటే: వాక్యానికి, అది వర్ణిస్తున్న రచనకు మధ్య బంధం లేకపోవడం. ఆ బంధం ఉన్నదో లేదో తేల్చడానికి పదాల పట్టిక కంటె గ్రంథ పరిజ్ఞానం అవసరం.

ఒక నమూనా పేరా

యంత్రవచనంలో తరచుగా కనిపించే అలవాట్లను ఒకచోట చేర్చి, చర్చ సౌకర్యం కోసం నేను కూర్చిన పేరా ఇది. ఎవరి రచన నుంచీ తీసుకున్నది కాదు.

“తెలుగు నాటక సాహిత్యంలో కన్యాశుల్కం ఒక విశిష్టమైన స్థానాన్ని కలిగి ఉంది. ఇది కేవలం ఒక నాటకం మాత్రమే కాదు, ఆనాటి సమాజానికి పట్టిన నిలువుటద్దం కూడా అని చెప్పవచ్చు. గురజాడ అప్పారావు ఈ రచన ద్వారా సాంఘిక దురాచారాలను, స్త్రీల సమస్యలను మరియు మానవ సంబంధాలలోని సంక్లిష్టతను సమర్థవంతంగా చిత్రించారు. అంతేకాకుండా, ఇందులోని పాత్రలు సజీవంగా ఉండి పాఠకులను లోతుగా ఆలోచింపజేస్తాయి. భాష విషయానికి వస్తే, వాడుక భాషను ఉపయోగించడం ఈ రచనకు సహజత్వాన్ని చేకూర్చింది. అయితే, ఈ రచనపై కొన్ని విమర్శలు ఉన్నప్పటికీ దాని ప్రాముఖ్యత ఏమాత్రం తగ్గలేదు. మొత్తం మీద, కన్యాశుల్కం నేటికీ ప్రాసంగికత కలిగిన ఒక కాలాతీతమైన రచనగా నిలిచిపోయింది.”

ఈ పేరాలో తప్పు లేదు. వ్యాకరణం సరిగానే ఉన్నది, చెప్పిన మాటల్లో అసత్యం లేదు, మర్యాద తప్పలేదు. పరీక్షకుడు ఎర్రసిరాతో సున్నా చుట్టవలసిన చోటు కనిపించదు. ఇబ్బంది అంతా అక్కడే ఉన్నది.

ఇప్పుడు ‘కన్యాశుల్కం’ అన్న చోట ‘మాలపల్లి’ అనీ, ‘గురజాడ అప్పారావు’ అన్న చోట ‘ఉన్నవ లక్ష్మీనారాయణ’ అనీ, ‘నాటక’ అన్న చోట ‘నవలా’ అనీ, ‘నాటకం’ అన్న చోట ‘నవల’ అనీ మార్చి పేరాను మళ్ళీ చదవాలి. ఏడు వాక్యాలూ అట్లాగే నిలుస్తాయి. మాలపల్లిలోనూ సాంఘిక దురాచారాలున్నాయి, స్త్రీల కష్టాలున్నాయి, వాడుకభాష ఉన్నది. దానిపైనా విమర్శలు వచ్చాయి. నాటకానికీ నవలకూ, పెళ్ళి పేరిట పసిపిల్లలను అమ్ముకోవడానికీ మాలల బతుకు పోరాటానికీ నడుమ ఉన్న దూరమంతా ఈ పేరాలో ఎక్కడా తగలలేదు. దీనిని మార్పిడి పరీక్ష అని పిలుచుకుందాం. పేరు మార్చినా చెక్కుచెదరని వాక్యం ఆ పేరుగల రచనను గురించి ఏమీ చెప్పలేదని దీని అర్థం.

ఇదే నాటకాన్ని గురించి మరొక వాక్యం చూద్దాం: “1897లో అచ్చయిన కన్యాశుల్కం 1909 నాటి రెండవ కూర్పులో ఎంతో పెరిగింది, ఆ పెరుగుదలలో మధురవాణికి దక్కిన చోటు వల్ల, కన్యాశుల్కాన్ని అసహ్యించుకున్న సంస్కర్త సౌజన్యారావు పంతులుకు వేశ్యలపట్ల ఉన్న ఏవగింపు కూడా నాటకం పరీక్షకు పెట్టిన విషయమైంది.” ఇక్కడ పేరు మారిస్తే వాక్యం కూలిపోతుంది. మాలపల్లికే కాదు, గురజాడ రాసిన ఇంకే రచనకూ ఇది అతకదు. పైగా దీనితో తగవుపడవచ్చు. రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టి చదివినవారు ‘నాటకం పెరిగిన మాట నిజమే కాని, సౌజన్యారావు విషయంలో మీరన్నంత లేదు’ అనవచ్చు. మొదటి పేరాతో తగవుపడటానికి ఎవరికీ వీలు లేదు. విమర్శ వాక్యం ఖండనకు తావు ఇవ్వకపోతే సమర్థనకూ తావు ఇవ్వదు.

పేరా నడక: క్రియల సాక్ష్యం

యంత్రవచనంలో వాక్యాలన్నీ ఒకే కొలతలో ఉంటాయన్నది అందరూ గమనించిన విషయం. పై నమూనాలో అతి చిన్న వాక్యానికి ఎనిమిది మాటలు, అతి పెద్దదానికి పదిహేను. చివరి మూడు వాక్యాలకూ పదేసి మాటలు. ఆంగ్ల వచనానికి ఈ లెక్క కొంత పనికివస్తుంది. తెలుగుకు మాటల లెక్క సరైన కొలమానం కాదని నా అభిప్రాయం. ‘వచ్చిందనుకున్నాడు’ అన్నది ఒక మాటో రెండు మాటలో రాసేవారు విడగొట్టే తీరును బట్టి మారుతుంది. సంధి చేసి రాసేవారికి వాక్యాలు చిన్నవిగానూ, విసంధిగా రాసేవారికి పెద్దవిగానూ లెక్క తేలుతాయి.

తెలుగు వాక్యపు నడకను తెలిపేది క్రియలు. ఒక సమాపక క్రియకు ముందు ఎన్ని అసమాపక క్రియలు, ఏయే రకాలవి వచ్చాయన్నది చూస్తే నడక చేతికి చిక్కుతుంది. కథాసంగ్రహం చెప్పవలసిన చోట ఈ తేడా బాగా బయటపడుతుంది. యంత్రం అలవాటుగా నడిపే తీరులో కూర్చితే ఇట్లా ఉంటుంది: “గిరీశం ఒక ఉపాధ్యాయుడిగా అగ్నిహోత్రావధాన్లు ఇంటికి చేరుకుంటాడు. అతను అక్కడ బుచ్చమ్మను చూస్తాడు. ఆమె ఒక యువ వితంతువు. అతను ఆమెను ఆకర్షించడానికి ప్రయత్నిస్తాడు. చివరికి అతను ఆమెతో కలిసి వెళ్ళిపోతాడు.” ఇదే సంగతిని తెలుగు చదువుకున్న మనిషి మామూలుగా ఇట్లా చెబుతాడు: “వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో అగ్నిహోత్రావధాన్లు ఇంట చేరిన గిరీశం, అక్కడ పడుచు వితంతువు బుచ్చమ్మను చూసి, వితంతు వివాహం మీద ఉపన్యాసాలు దంచుతూ మెల్లగా ఆమె మనసు తిప్పి, అదను చూసుకొని లేవదీసుకుపోతాడు.”

మొదటిదానిలో ఐదు వాక్యాలకు నాలుగు సమాపక క్రియలున్నాయి, ఐదవది క్రియారహితం. రెండవదానిలో ఒకే సమాపక క్రియ ఉన్నది. దానికి ముందు ‘చేరిన’ అనే ధాతుజ విశేషణం, ‘చూసి’, ‘తిప్పి’, ‘చూసుకొని’ అనే క్త్వార్థకాలు, ‘దంచుతూ’ అనే శత్రర్థకం వరుసకట్టాయి. ఈ వరుస అలంకారం కోసం కాదు. క్త్వార్థకం ఒక పని ముగిశాక మరొకటి జరిగిందని చెబుతుంది. శత్రర్థకం రెండు పనులు కలిసి సాగాయని చెబుతుంది. గిరీశం ఉపన్యాసం చెప్పి తరువాత మనసు తిప్పలేదు, ఉపన్యాసమే మనసు తిప్పే సాధనం; ఆ వ్యంగ్యం అంతా ఒక్క ‘తూ’ ప్రత్యయంలో ఉన్నది. వాక్యాలను విడగొట్టినప్పుడు పోయింది ఇదే. యంత్రవచనం చదివేటప్పుడు సమాచారం అందినా సంబంధం అందలేదన్న అసంతృప్తి కలగడానికి ప్రధాన కారణం అసమాపక క్రియల కొరత అని నేననుకుంటున్నాను.

మరికొన్ని ఆనవాళ్ళు ఈ నమూనాలోనే ఉన్నాయి. తెలుగు క్రియ పురుషనూ వచనాన్నీ తనలోనే చెప్పుకుంటుంది గనుక కర్త తెలిసిన చోట సర్వనామం అక్కరలేదు. ఇక్కడ ‘అతను’ మూడుసార్లు వచ్చింది. ‘ఒక ఉపాధ్యాయుడిగా’, ‘ఒక యువ వితంతువు’ అన్న చోట్ల ‘ఒక’ సంఖ్యను చెప్పదు. అది ఆంగ్లంలోని అనిశ్చిత ఉపపదానికి నీడ. మొదటి నమూనాలోని ‘స్థానాన్ని కలిగి ఉంది’, ‘మరియు’ కూడా ఇట్లాంటివే. తెలుగులో సముచ్చయం పదాంత దీర్ఘంతో జరుగుతుంది: కష్టాలూ కన్నీళ్ళూ, రాముడూ సీతా. ‘మరియు’ను యంత్రం కనిపెట్టలేదు, ప్రభుత్వ ఉత్తర్వులూ పత్రికల అనువాదాలూ దానిని అంతకు ముందే స్థిరపరచాయి. భాషా నమూనాలకు దొరికిన పాఠసామగ్రిలో ఆంగ్లంతో పోలిస్తే తెలుగు వాటా చాలా తక్కువ. ఆ తక్కువలోనూ అనువాద వచనం చోటు చేసుకుంటుంది. పేరా మొదట ప్రతిపాదన, నడుమ మూడు అంశాలు, చివర ముక్తాయింపు అనే అమరిక ఆంగ్ల వ్యాసరచనా బోధన నుంచి వచ్చినది. ఆ అచ్చులో తెలుగు మాటలు పోసినప్పుడు వచ్చే వచనం తెలుగే, నడక మాత్రం తెలుగుది కాదు.

వాక్యాల తలమీద కూర్చునే ‘అంతేకాకుండా’, ‘అదేవిధంగా’, ‘మరోవైపు’ వంటి అనుసంధాన పదాలను గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ప్రత్యయాలతో జరగవలసిన కలుపుపని జరగనందువల్ల వాటిని పైనుంచి అతికించవలసి వస్తుంది. అతుకు నిజమైనదో కాదో తెలుసుకోవడానికి వాక్యాల వరుస మార్చి చూస్తే చాలు. మొదటి నమూనాలో పాత్రలను గురించిన వాక్యాన్నీ భాషను గురించిన వాక్యాన్నీ తారుమారు చేసినా నష్టం లేదు. ‘అయితే’ అన్నది ముందు చెప్పినదానికి ఎదురు నిలిచే మాట. అక్కడ ఆ విమర్శలు ఏమిటో, ఎవరివో చెప్పనేలేదు గనుక అది దేనికీ ఎదురు నిలవలేదు.

సంశయం, సంశయాభాస

‘చెప్పవచ్చు’, ‘భావించవచ్చు’, ‘కొంతవరకు’, ‘భిన్నాభిప్రాయాలు ఉన్నాయి’ అనే మాటలను యంత్రవచన లక్షణాల్లో చేర్చడం విన్నప్పుడు నాకు కొంచెం భయం వేస్తుంది. సాహిత్య చరిత్రలో సంశయం లేకుండా రాయడం ఎవరికీ సాధ్యం కాదు. కవుల కాలాలు, జన్మస్థలాలు, కర్తృత్వాలు సగానికి పైగా వివాదాస్పదాలే. సంశయాన్ని ప్రకటించడం దోషమైతే మన పూర్వ పరిశోధకులంతా దోషులే.

తేడా ఎక్కడున్నదో తెలియడానికి క్రీడాభిరామ కర్తృత్వాన్ని తీసుకుందాం. కావ్యంలో కర్తగా ఉన్నది వినుకొండ వల్లభరాయడి పేరు. దానిని పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రి అది శ్రీనాథుడి రచన అని వాదించారు. ఆ వాదాన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు. దీనిని గురించి “క్రీడాభిరామ కర్తృత్వంపై పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి; ఏది ఏమైనా ఇది ఒక గొప్ప రచన అని చెప్పవచ్చు” అని రాస్తే అది సంశయం కాదు, సంశయాభాస. ఏ రెండు సాక్ష్యాలు ఢీకొన్నాయో అది చెప్పదు. గొప్పతనం ఏ సంశయమూ అక్కరలేని విషయం, దానికి ‘చెప్పవచ్చు’ తగిలించింది; నిజంగా తేలని కర్తృత్వాన్ని ‘ఏది ఏమైనా’ అని దాటేసింది. నిజమైన సంశయం ఇట్లా ఉంటుంది: “గ్రంథస్థమైన కర్తృనామాన్ని కాదని శైలిసామ్యాన్ని నమ్మాలంటే, ఆ శైలి శ్రీనాథుడికి మాత్రమే సొంతమనీ, అతణ్ణి అనుకరించగల సమకాలికుడు మరొకడు లేడనీ ముందుగా చూపాలి, ఆ పని పూర్తి కాలేదు గనుక వల్లభరాయణ్ణి కర్తగా ఉంచుతున్నాను.” ఇక్కడ సంశయానికి చిరునామా ఉన్నది. ఏ సాక్ష్యం దొరికితే అది తీరుతుందో కూడా పాఠకుడికి తెలుస్తుంది.

యంత్రవచనంలో సంశయాభాస ఎందుకు హెచ్చుగా ఉంటుందన్నదానికి నిర్మాణపరమైన కారణం ఉన్నది. భాషా నమూనా మొదట అపారమైన పాఠసామగ్రి మీద, ముందు వచ్చిన మాటలను బట్టి తరువాతి తునకను ఊహించడం నేర్చుకుంటుంది. ఆ తరువాత మరొక దశ ఉంటుంది. ఒకే ప్రశ్నకు వచ్చిన వేర్వేరు సమాధానాలను మనుషులు పోల్చి, ఏది మెరుగో చెబుతారు. మెరుగన్నవాటి వైపు నమూనాను మొగ్గేట్టు చేస్తారు. చదివేవారిని నొప్పించని, రెండు పక్షాలనూ స్పృశించిన, చక్కగా ముగిసిన సమాధానానికి ఆ పోటీలో అనుకూలత ఉంటుందని ఊహించడం కష్టం కాదు. పోల్చేవారు క్రీడాభిరామం చదివి ఉండనక్కరలేదు. తెలియని విషయం మీద వచ్చిన రెండు సమాధానాల్లో వినయంగా కనిపించినది గెలుస్తుంది. ఆ వినయానికి ప్రమాణాలతో పనిలేదు.

ఈ మాటలు ఎవరివి?

‘తెలుగు సాహిత్యంలో’ అన్న తరువాత ‘విశిష్టమైన స్థానం’ రావడానికి హెచ్చు సంభావ్యత ఉన్నదంటే, ఆ సంభావ్యతను నిర్మించినవారు ఎవరు? పీఠికలు రాసినవారు, సన్మాన సంచికలు వేసినవారు, పోటీపరీక్షల గైడ్లు కూర్చినవారు, సిద్ధాంత గ్రంథాలు సమర్పించినవారు. ‘సమాజానికి నిలువుటద్దం’ యంత్రం సృష్టి కాదు. ‘ఈ అధ్యాయంలో పరిశీలించడం జరిగింది’ అన్న వాక్యంలో పరిశీలించినవాడు లేకపోవడమూ యంత్రం నేర్పినది కాదు. కవి పరిచయం, రచనల పట్టిక, ఇతివృత్తం, పాత్రచిత్రణ, భాషాశైలి, ఉపసంహారం అనే అధ్యాయ విభజన ఏ కవికైనా పనికివస్తుంది. అంటే మన సిద్ధాంత గ్రంథాల విషయసూచికలే చాలావరకు మార్పిడి పరీక్షలో తప్పుతాయి. యంత్రం ఆ అచ్చును వేగంగా నింపగలగడం వల్ల, అచ్చు ఎంత ఖాళీగా ఉండేదో ఇప్పుడు తెలిసివచ్చింది. ఈ మాట పెద్దలకు కటువుగా తోచవచ్చు కాని, నమూనా పేరాను కూర్చడానికి నాకు అయిదు నిమిషాలు కూడా పట్టకపోవడానికి కారణం ఎం.ఏ. రోజుల్లో అట్లాంటివి రాసి మార్కులు తెచ్చుకోవడమే.

ఈ సంగతి మరచి పదాల పట్టికతో తీర్పు చెబితే జరిగే అన్యాయం చిన్నది కాదు. ఒక సదస్సులో ఒక పరిశోధకురాలి పత్రాన్ని ‘అంతేకాకుండా’లు ఎక్కువ ఉన్నాయన్న కారణంతో అనుమానించడం నేను విన్నాను. ఆమె ఆ మాటను డిగ్రీలో చదివిన గైడు నుంచి నేర్చుకున్నది. ఇంట్లో పుస్తకాలు లేని కుటుంబాల నుంచి వచ్చి, గ్రాంథికచ్ఛాయ గల వచనాన్ని పాఠ్యపుస్తకాల ద్వారానే పట్టుకున్నవారి రాతల్లో ఈ అచ్చుమాటలు హెచ్చుగా ఉంటాయి. అంటే అనుమానం ముందుగా వారి మీదే పడుతుంది. ఆంగ్లంలో ఇది లెక్కలతో సహా బయటపడింది. ఆంగ్లం మాతృభాష కాని విద్యార్థులు టోఫెల్ పరీక్షలో రాసిన 91 వ్యాసాలను ఏడు గుర్తింపు సాధనాలకు ఇచ్చి చూసిన అధ్యయనం 2023లో వెలువడింది. ఆ సాధనాలు సగటున సగానికి పైగా వ్యాసాలను యంత్రం రాసినవిగా తప్పు పట్టాయి. ఊహించదగిన పదం తరువాత ఊహించదగిన పదం వస్తే యంత్రమని లెక్కించే సాధనానికి, పరిమిత పదసంపదతో జాగ్రత్తగా రాసే మనిషి కూడా యంత్రంగానే కనిపిస్తాడు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ 2023 జనవరిలో విడుదల చేసిన సొంత గుర్తింపు సాధనం యంత్రం రాసినవాటిలో 26 శాతాన్ని మాత్రమే పట్టగలిగింది. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానివే అన్నది. ఆ ఏడాది జూలైలోనే దానిని ఉపసంహరించుకున్నారు.

పదాల లెక్కకు విలువ లేదని దీని అర్థం కాదు. ఆ విలువ మరో చోట ఉన్నది. 2010 నుంచి 2024 వరకు వచ్చిన కోటిన్నరకు పైగా వైద్యశాస్త్ర పరిశోధన సంక్షేపాలలో ఏయే ఆంగ్లపదాలు అకస్మాత్తుగా పెరిగాయో లెక్కించి, 2024 నాటి సంక్షేపాలలో కనీసం 13.5 శాతం యంత్రసాయంతో తయారయ్యాయని పరిశోధకులు అంచనా కట్టారు. పదాల సాక్ష్యం మొత్తం రాశిని గురించి చెప్పగలిగింది. ఆ రాశిలో ఫలానా సంక్షేపం యంత్రానిదని అది చెప్పలేదు, చెప్పబోలేదు కూడా. తెలుగులో ఇట్లాంటి లెక్క వేయాలంటే 2022కు ముందూ తరువాతా వచ్చిన మన పత్రికల వ్యాసాలు యూనికోడ్‌లో ఒకచోట ఉండాలి. పాత ఫాంట్లలో అచ్చయి, బొమ్మలుగా స్కాన్ అయిన సంచికలతో ఆ పని సాగదు.

ఒక వ్యక్తి రచన ముందున్నప్పుడు శైలిని బట్టి కర్తను నిర్ణయించడం ఎంత జాగ్రత్తతో చేయవలసిన పనో తెలుగు పరిశోధకులకు ఎవరూ చెప్పనక్కరలేదు. అరణ్యపర్వం చతుర్థాశ్వాసం నడుమ నన్నయ ఆగిపోగా ఎర్రన పూరించాడు. నన్నయ కాలానికి ఎంతో తరువాతివాడైనా, అంకితాన్ని రాజరాజనరేంద్రుడి పేరిటే ఉంచి, నన్నయ రచనే అన్నట్టుగా నడిపాడు. అక్కడ అతుకు ఎక్కడున్నదో మనకు తెలిసింది ఏదో ఒక పదం వల్ల కాదు. ఎర్రన తాను చేసిన పనిని గురించి సంప్రదాయంలో మిగిలిన సాక్ష్యం వల్ల, ఆ పైన పద్యశిల్పాన్ని దానితో సరిచూసుకోవడం వల్ల. బయటి సాక్ష్యం ముందు, శైలి తరువాత. యంత్రవచనం విషయంలో ఈ క్రమం తారుమారవుతున్నది.

మార్పిడి పరీక్షకూ పరిమితులున్నాయి. అది యంత్రాన్ని పట్టదు, ఖాళీ వాక్యాన్ని పడుతుంది. ఆ వాక్యం మనిషిదైనా కావచ్చు. అన్ని వాక్యాలూ ఆ పరీక్షకు నిలవనక్కరలేదు కూడా. ప్రవేశవాక్యాలూ అధ్యాయాలను కలిపే వాక్యాలూ ఎక్కడైనా సాధారణంగానే ఉంటాయి. పేరాకు ఒకటి రెండుంటే పట్టించుకోనక్కరలేదు, ఏడుకు ఏడూ అట్లా ఉంటే ఆగాలి. మరొక చిక్కు ఇంతకంటె గట్టిది. యంత్రం నిర్దిష్టంగానూ రాయగలదు. సంవత్సరం, పుట సంఖ్య, వ్యాసకర్త పేరు అన్నీ అమర్చి, లేని వ్యాసాన్ని ఉన్నట్టు ఉదాహరించగలదు. అట్లాంటి వాక్యం మార్పిడి పరీక్షలో దర్జాగా నెగ్గుతుంది. వాక్యాల కొలతలు మార్చి, అసమాపక క్రియలు కలిపి రాయించుకోవడమూ అసాధ్యం కాదు. నేను చూపిన నడక దోషాలు ఇప్పటి యంత్రపు అలవాటు రాతకు సంబంధించినవి. రేపటికి అవి కొన్ని పోవచ్చు. అందువల్ల వాక్యం గ్రంథానికి కట్టుబడి ఉన్నదని తేలాక, ఆ కట్టు నిజమైనదో కాదో మూలం తెరిచి చూసుకోవడం తప్పదు.

ఆచరణలో ఇది పెద్ద పనేమీ కాదు. నమూనా పేరా ఒక సిద్ధాంత గ్రంథంలో ఉన్నదనుకుందాం. మౌఖిక పరీక్షలో ‘ఇది మీరే రాశారా’ అని అడిగితే వచ్చే జవాబు దేనికీ పనికిరాదు. ‘పాత్రలు సజీవంగా ఉన్నాయన్నారు, రామప్పంతులు ఏ సన్నివేశంలో మీకు అట్లా అనిపించాడు?’ అని అడగాలి. ‘కొన్ని విమర్శలు ఉన్నాయన్నారు, ఒకటి చెప్పి, అది ఎందుకు చెల్లదో చెప్పండి’ అనాలి. ‘వాడుకభాష అన్నారు, అగ్నిహోత్రావధాన్లు మాటకూ మధురవాణి మాటకూ తేడా ఏమిటి, ఏ కూర్పు చదివారు?’ అనాలి. నాటకం చదివినవారు అచ్చుమాటలతో రాసి ఉన్నా ఈ ప్రశ్నలకు తడుముకుంటూనైనా జవాబు చెబుతారు. ఆ జవాబునే ఆ పేరా స్థానంలో రాసుకురమ్మని గ్రంథాన్ని సవరణకు పంపవచ్చు. చదవనివారి విషయంలో ఆ పేరాను కూర్చింది యంత్రమా, గైడా, పాత సిద్ధాంత గ్రంథమా అని తేల్చవలసిన అవసరం పరీక్షకుడికి ఉండదు.